నెలకు ఒకటే బిల్లు, వెనక 38 డీసీలు

ప్రశ్న: నమస్తే అండీ. బెంగళూరు వైట్‌ఫీల్డ్‌లో ఒక కంపెనీకి హౌస్‌కీపింగ్ సామాను వేస్తుంటాను. రోజు విడిచి రోజు రెండు మూడు వేల సరుకు వెళ్తుంది. ప్రతిసారీ బిల్లు వద్దు, డీసీ అంటే డెలివరీ చలాన్ మీద ఇచ్చేసి నెలాఖరున అన్నిటికీ కలిపి ఒకే బిల్లు పెట్టమంటున్నారు. జీఎస్టీలో ఇది కుదురుతుందా? డీసీలు బిల్లుకి ఎలా జోడించాలి?

సమాధానం:

కుదురుతుంది, ఒక షరతు మీద. సరుకు విడతలుగా వస్తుందనీ, నెలకోసారి లెక్క చూసి బిల్లు వేస్తారనీ మీ ఇద్దరి మధ్య ముందే కాగితం మీద రాసి ఉండాలి. ఆ కాగితం లేకపోతే ఆటో మీ గోడౌన్ దాటే ప్రతిసారీ ట్యాక్స్ ఇన్వాయిస్సే వెళ్లాలి. జోడించడం విషయానికొస్తే, బిల్లులో వస్తువులవారీగా మొత్తాలు రాయండి, వెనక ఏ డీసీలో ఎంత వెళ్లిందో ఒక పట్టీ పెట్టండి, దాని వెనక సీలు పడిన డీసీల కాపీలు పెట్టండి. అసలు పని మాత్రం అంతకు ముందే అయిపోవాలి. వాళ్ల స్టోర్స్ లెక్కా మన లెక్కా కలిశాకే బిల్లు నంబరు పడాలి.

నాది బెంగళూరులోనే పీణ్యలో అట్టపెట్టెల యూనిట్, కార్టన్ బాక్సులు. పక్క వీధుల్లోని ఫ్యాక్టరీలకు ఏ రోజుకారోజు వాళ్లకు కావాల్సినన్నే వేస్తాం. వాళ్ల దగ్గర పెట్టుకోవడానికి చోటుండదు, అట్టకు చెమ్మ తగిలితే మెత్తబడుతుంది కూడా. అందుకే పదకొండేళ్లుగా ఈ డీసీల మీదే బతుకుతున్నాను. రెండుసార్లు గట్టిగా దెబ్బ తిన్నాను కూడా. ఆ సంగతి కింద చెప్తాను.

ముందు ఆ కాగితం గురించి. సీజీఎస్టీ చట్టం సెక్షన్ 31(1) ప్రకారం అమ్మిన సరుకు కదిలే ముందో, కదిలేటప్పుడో ఇన్వాయిస్ ఇవ్వాలి. అది మామూలు నియమం. దీనికి 31(4)లో ఒక వెసులుబాటు ఉంది. నిరంతర సరఫరా అయితే, అంటే మధ్యమధ్య లెక్క పత్రాలు ఇచ్చుకుంటూ పోయే పద్ధతి అయితే, ఆ లెక్క పత్రం ఇచ్చే రోజుకల్లా ఇన్వాయిస్ ఇస్తే చాలు. ఏది నిరంతర సరఫరా అన్నది సెక్షన్ 2(32)లో ఉంది. ఒక ఒప్పందం కింద మళ్లీ మళ్లీ సరుకు ఇవ్వాలి, దానికి అమ్మేవాడు ఒక క్రమం ప్రకారం బిల్లు వేస్తుండాలి. గ్యాసూ నీళ్లూ లాగా పైపులోనే రావాలని లేదు, ఆ మాట నిర్వచనంలోనే ఉంది. మీ ఫినాయిలూ నా బాక్సులూ ఇందులోకి వస్తాయి. ఒప్పందం అన్న మాటే ఇక్కడ ప్రాణం.

ఒప్పందం అంటే స్టాంపు పేపరు అక్కర్లేదు. కంపెనీ ఇచ్చే ఓపెన్ పీవో, అంటే పర్చేజ్ ఆర్డర్ చాలు. నా పీవోల్లో మూడు సంగతులు ఉండేలా చూసుకుంటాను. ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ దాకా ఈ రేట్లకు, అడిగినప్పుడల్లా విడతలుగా సరఫరా. ప్రతి విడతా డెలివరీ చలాన్ మీద. 26వ తేదీ నుంచి మరుసటి నెల 25 దాకా అందిన సరుకుకు 28న లెక్క పత్రం, అదే రోజు ట్యాక్స్ ఇన్వాయిస్. మీ కంపెనీవాళ్లు నోటిమాటగా 'నెలాఖరున పెట్టండి' అంటే ఒప్పుకోకండి. వాళ్ల పర్చేజ్ వాళ్లకు ఈ మూడు వాక్యాలు మెయిల్ పెట్టి, పీవోలో ఎక్కించమనండి. ఒక పూట పని. ఆ పీవో కాపీ ఒకటి ఎప్పుడూ ఆటోలో ఉండాలి. దారిలో ఎవరైనా ఆపి 'బిల్లేది' అంటే డీసీతో పాటు అదే చూపించాలి.

ఇంకో మాట. కొందరు రూల్ 55(4)ని చూపిస్తారు. సరుకు బయల్దేరే వేళకు ఇన్వాయిస్ ఇవ్వడానికి వీలుపడకపోతే చలాన్ మీద పంపి, అందాక ఇన్వాయిస్ ఇవ్వొచ్చని అందులో ఉంది కదా అంటారు. వీలుపడకపోవడం వేరు, వీలు చూసుకోవడం వేరు. రేటు తెలుసు, ఎన్నో తెలుసు, కొనేది ఎవరో తెలుసు. అలాంటప్పుడు ఎందుకు వీలుపడలేదో అధికారికి చెప్పడం కష్టం. నేనైతే దాని మీద ఆధారపడను, పీవో మీదే నిలబడతాను.

డీసీ పుస్తకం. దీన్ని తెల్లకాగితం చీటీలాగా చూడకండి. బిల్లుకి ఎంత మర్యాదో దీనికీ అంతే. సొంత వరస నంబరు ఉండాలి, అది 16 అక్షరాలు దాటకూడదు. తేదీ, మీ పేరు, చిరునామా, జీఎస్టీ నంబరు, వాళ్లవి, హెచ్‌ఎస్‌ఎన్, వస్తువు పేరు, ఎన్ని, పన్ను లేని విలువ, పన్ను రేటు, పన్ను ఎంత, సంతకం. చాలామంది విలువ రాయరు, 'బిల్లులో వస్తుంది కదా' అంటారు. అమ్మకం కోసం వెళ్లే సరుకైతే డీసీ మీద విలువా పన్నూ రెండూ ఉండాలి. మూడు కాపీలు. మా పుస్తకంలో తెల్లది స్టోర్స్‌కి, గులాబీది డ్రైవర్‌తో వెళ్లి సీలు వేయించుకుని తిరిగి వస్తుంది, పసుపుది పుస్తకంలోనే ఉంటుంది. తప్పు రాస్తే చింపెయ్యకండి. అడ్డంగా గీత కొట్టి రద్దు అని రాసి మూడు కాపీలూ పుస్తకంలోనే ఉంచండి. ఎందుకంటే అమ్మకాల రిటర్ను జీఎస్టీఆర్-1లో 13వ పట్టికలో ఆ నెలలో వాడిన డీసీలు ఏ నంబరు నుంచి ఏ నంబరు దాకా, ఎన్ని రద్దయ్యాయి అన్నది చెప్పాలి. పుస్తకంలో పళ్లూడినట్టు ఖాళీలుంటే తర్వాత జవాబు చెప్పుకోవాలి.

ఈ-వే బిల్లు మీకు దాదాపు అవసరం పడదు. కర్ణాటకలో పన్నుతో కలిపి 50,000 దాటిన సరుకు కదిలితేనే అది. మీది రెండు మూడు వేలు. ఎప్పుడైనా పండక్కి ముందో, ఆడిట్ ముందో ఒకేసారి పెద్ద ఆర్డరు వచ్చి 50,000 దాటితే ఆ ఒక్క ట్రిప్పుకీ నేరుగా ఇన్వాయిస్ వేసి, దాని మీద ఈ-వే బిల్లు తీయండి. నెల బిల్లులో దాన్ని కలపకండి. నేను అలాగే చేస్తాను, తలనొప్పి ఉండదు.

సరే, ఇప్పుడు డబ్బు ఆగే చోటుకి వద్దాం.

మొదట్లో నేను చేసింది ఏంటంటే, నెలాఖరున పసుపు కాపీలు ముందేసుకుని కూడికలు వేసి బిల్లు కొట్టి, గులాబీ కాపీలన్నీ పిన్ను చేసి పంపేసేవాణ్ని. ఓసారి ఒక కస్టమర్ గేటు దగ్గర ఇచ్చిన కట్ట పైన అకౌంట్స్‌కి చేరలేదు. ఎవరి దగ్గర పోయిందో ఇప్పటికీ తెలియదు. సీలు పడిన కాపీలన్నీ అందులోనే ఉన్నాయి. స్టోర్స్‌కి వెళ్లి మళ్లీ సీళ్లు అడిగితే అక్కడి ఆయన 'నాళె బన్ని సార్' అనేవాడు, రేపు రండని. ఆ నాళె వచ్చేసరికి రెండు నెలలు పట్టింది. అప్పట్నుంచి అసలు సీలు కాపీ నా గడప దాటదు. డ్రైవర్ గేటు బయటికి రాగానే గులాబీ కాపీ ఫోటో తీసి వాట్సాప్ గ్రూపులో పెడతాడు, సాయంత్రం అసలు కాపీ ఫైల్లోకి వెళ్తుంది. బిల్లుతో వెళ్లేవి జెరాక్సులే. కంపెనీ అసలే కావాలంటే డీసీ నాలుగు కాపీల పుస్తకం కొట్టించండి, ఆ నాలుగోది కూడా సీలు వేయించి ఇవ్వండి. ఇవన్నీ ఏళ్ల తరబడి దాచాలి కూడా. ఆ సంవత్సరం వార్షిక రిటర్ను గడువు నుంచి 72 నెలలు.

రెండో దెబ్బ కాస్త సన్నగా తగిలింది, కానీ ఎక్కువ కాలం తగిలింది. నా కూడిక ఒకటి, వాళ్ల స్టోర్స్ కూడిక ఒకటి. తేడా 3,000 రూపాయలున్నా అకౌంట్స్ వాళ్లు బిల్లు మొత్తం పక్కన పెట్టేస్తారు. విడి బిల్లులైతే గొడవ ఉన్న బిల్లు ఒకటే ఆగుతుంది, మిగతావి గడువు ప్రకారం వస్తాయి. కలిపిన బిల్లులో ఒక్క డీసీ తేడా వస్తే నెల డబ్బంతా దాని వెనక క్యూలో నిలబడుతుంది. నెలకు ఒక బిల్లు హాయి అనుకునేవాళ్లకు ముందే చెప్పాల్సిన మాట ఇది.

కాబట్టి ఇప్పుడు నా పద్ధతి ఇది. డీసీ మీద సీలు ఒక్కటి చాలదు. గేటు ఎంట్రీ నంబరు, స్టోర్స్ వాళ్ల జీఆర్‌ఎన్ నంబరు, అందుకున్న సంఖ్య అంకెల్లోనూ అక్షరాల్లోనూ, ఈ మూడూ గులాబీ కాపీ మీద పడాలి. జీఆర్‌ఎన్ అంటే సరుకు చేరిందని వాళ్లు కంప్యూటర్లో ఎక్కించే ఎంట్రీ. వాళ్ల అకౌంట్స్ మన డీసీని చూడరు, దాన్ని చూస్తారు. వెంటనే ఇవ్వకపోతే ప్రతి శనివారం స్టోర్స్ నుంచి ఆ వారం జీఆర్‌ఎన్ జాబితా మెయిల్లో తెప్పించుకుంటాను. వారంలో దొరికే తేడాకు మనుషులకు గుర్తుంటుంది. నెలాఖరున దొరికితే ఎవరికీ ఏమీ గుర్తుండదు.

ఒక నెల లెక్క పూర్తిగా చూపిస్తాను. 2025 సెప్టెంబరు 26 నుంచి అక్టోబరు 25 దాకా ఒక కస్టమర్‌కి 38 డీసీలు వెళ్లాయి. వస్తువులు రెండే. 5 ప్లై బాక్సు 42 రూపాయలు, 3 ప్లై బాక్సు 18 రూపాయలు. 3 ప్లై మా లెక్కలోనూ వాళ్ల లెక్కలోనూ 3,400 అని కలిసింది. 5 ప్లై మా డీసీల ప్రకారం 6,240, వాళ్ల జీఆర్‌ఎన్‌ల ప్రకారం 6,090. తేడా 150 బాక్సులు. మొత్తాలు చూస్తూ కూర్చుంటే ఏమీ తేలదు. రెండు జాబితాలూ డీసీ నంబరు వరసలో పక్కపక్కన పెట్టి ఒక్కో గీత చూశాం. మూడు చోట్ల దొరికింది.

ఒకటి, 25వ తేదీ శనివారం సాయంత్రం వెళ్లిన ఆఖరి డీసీ. 100 బాక్సులు. గేటు సీలు 25నే పడింది, కానీ స్టోర్స్ ఆయన అప్పటికే వెళ్లిపోయాడు. జీఆర్‌ఎన్ సోమవారం 27న పడింది. ఇందులో ఎవరి తప్పూ లేదు. మా పీవోలో అందిన సరుకు అంటే జీఆర్‌ఎన్ పడిన సరుకు అని రాసుకున్నాం, కాబట్టి ఆ డీసీ వచ్చే నెల బిల్లులోకి వెళ్తుంది. పట్టీ కింద 'ఈ డీసీ తర్వాతి బిల్లుకి' అని ఒక గీత రాస్తాను, లేకపోతే వచ్చే నెల పాత తేదీ డీసీ చూసి మళ్లీ ఆపుతారు.

రెండు, నెల మధ్యలో వాన రోజు వెళ్లిన లోడులో 25 బాక్సులు తడిసి అంచులు విడిపోయాయి. స్టోర్స్ వాళ్లు తీసుకోలేదు, అదే ఆటోలో వెనక్కి పంపేశారు. డ్రైవర్ తెచ్చి పడేశాడు, డీసీలో మాత్రం ఎవరూ దిద్దలేదు. ఇది మా తప్పు. 25 తీసేశాం. ఇలాంటప్పుడు అక్కడే డీసీ మీద '25 తిరస్కరించారు, వెనక్కి తీసుకెళ్తున్నాం' అని రాసి ఇద్దరూ సంతకాలు పెట్టాలి. తిరిగి వచ్చే సరుకుకు దారిలో అదే ఆధారం కూడా. ఇప్పుడు డ్రైవర్లకు ఇదొక్కటి మాత్రం పదేపదే చెప్తాను.

మూడు, ఒక డీసీలో మేం 250 అని రాస్తే వాళ్లు 225 ఎక్కించారు. కార్బన్ కింద 5 అంకె 2లాగా, సున్నా 5లాగా కనపడింది. వాళ్ల తెల్ల కాపీ తీయించి చూపిస్తే దిద్దుకున్నారు. అంకెల పక్కన అక్షరాల్లో కూడా రాయాలని పట్టుబట్టడం ఆ రోజు నుంచే.

అంటే మా 6,240లోంచి 100, 25 తీసేస్తే 6,115. వాళ్ల 6,090కి 25 కలిపితే అదే 6,115. అప్పుడు బిల్లు కొట్టాం. 5 ప్లైకి 2,56,830, 3 ప్లైకి 61,200, మొత్తం 3,18,030. దాని మీద సీజీఎస్టీ 2.5 శాతం 7,950.75, ఎస్‌జీఎస్టీ అంతే. బిల్లు 3,33,931.50, రౌండ్ చేసి 3,33,932. నా కూడికతోనే తొందరపడి ఉంటే విలువలో 5,250 రూపాయలు ఎక్కువ పడేది. ఆ 5,250 కోసం మూడు లక్షల ముప్ఫై మూడు వేలు ఆగిపోయేవి. తర్వాత క్రెడిట్ నోటు వేసి సర్దుకోవచ్చు, నిజమే. కానీ అది వాళ్ల దగ్గర మళ్లీ ఒక అప్రూవల్, మళ్లీ ఒక నెల.

ట్యాలీ వాడుతుంటే ఇందులో సగం పని అదే చేస్తుంది. ప్రతి డీసీని `Delivery Note` వోచర్‌గా ఎక్కించండి. నెలాఖరున సేల్స్ వోచర్‌లో ఆ డెలివరీ నోట్ నంబర్లు ఎంచుకుంటే వస్తువులు, సంఖ్యలు అవే వచ్చి పడతాయి. బిల్లు అయ్యాక `Sales Bills Pending` రిపోర్టు తెరిచి చూడండి. సరుకు వెళ్లి బిల్లు కానివి అందులో కనపడతాయి. నా లెక్కలో ఆ రోజు ఆ 100 బాక్సుల డీసీ ఒక్కటే మిగలాలి. ఇంకేదైనా కనపడిందంటే ఏదో జారిపోయినట్టే. తడిసిన 25ని ముందే డెలివరీ నోట్‌లో తగ్గించకపోతే అవి కూడా అక్కడే వేలాడుతుంటాయి, నెలల తరబడి.

బిల్లు వెనక పట్టీలో ఎక్కువేమీ అక్కర్లేదు. వరస, డీసీ నంబరు, డీసీ తేదీ, జీఆర్‌ఎన్ నంబరు, ఒక్కో వస్తువు ఎన్ని. కింద వస్తువులవారీ మొత్తాలు బిల్లులోని అంకెలతో అచ్చంగా సరిపోవాలి. బిల్లులో 38 గీతలు రాసి ఐదు పేజీలు చేయకండి, వాళ్ల అకౌంట్స్ అమ్మాయి మనల్ని తిట్టుకుంటుంది. బిల్లులో 'జతపరిచిన పట్టీ ప్రకారం, డీసీ ఫలానా నుంచి ఫలానా దాకా, పీవో ఫలానా' అని ఒక వాక్యం చాలు.

26 నుంచి 25 అని ఎందుకు పెట్టుకున్నాను? ఒకటో తేదీ నుంచి ముప్ఫై దాకా అని పెట్టుకుంటే లెక్క తేలేసరికి తర్వాతి నెల మూడో నాలుగో తేదీ అవుతుంది. అప్పుడు బిల్లు మీద పాత నెల తేదీ వేయాలని చెయ్యి దురద పెడుతుంది. వేయకండి. అలాగని కొత్త నెల తేదీ వేస్తే కస్టమర్‌కి ఇన్‌పుట్ క్రెడిట్ ఒక నెల వెనక్కి పోతుంది, వాళ్లు ఊరుకోరు. 25తో ఆపితే రెండు మూడు రోజుల్లో లెక్కలు కలుపుకుని 28న నిజమైన తేదీతోనే బిల్లు వేయొచ్చు. అక్టోబరు 28 బిల్లు నవంబరు 11న జీఎస్టీఆర్-1లో వెళ్తుంది, 14న వాళ్ల ఇన్‌పుట్ క్రెడిట్ పట్టిక జీఎస్టీఆర్-2బీలో కనపడుతుంది. మీరు మూడు నెలలకోసారి రిటర్ను వేసే పద్ధతిలో ఉంటే, మొదటి రెండు నెలల బిల్లులు తర్వాతి నెల 13వ తేదీలోపు ఐఎఫ్‌ఎఫ్‌లో, అంటే రిటర్నుకు ముందే బిల్లులు చూపే వెసులుబాటులో ఎక్కించకపోతే వాళ్లకు కనపడవు. ఫోను అప్పుడు మీకే వస్తుంది. ఒక్క మార్చిలో మాత్రం 26 నుంచి 31 దాకా విడిగా ఇంకో బిల్లు వేసి సంవత్సరం మూసేస్తాను.

రేటు మారినప్పుడు కూడా నెల మధ్యలో ఆపాలి. 2025 సెప్టెంబరు 22 నుంచి కార్టన్ బాక్సులు 12 శాతం నుంచి 5కి దిగాయి. అప్పుడు ఆగస్టు 26 మొదలైన లెక్క నడుస్తోంది. 22 సోమవారం. శనివారం 20న ఆఖరి లోడు పంపి, అక్కడిదాకా లెక్క పత్రమూ బిల్లూ 12 శాతంతో మూసేశాను. సోమవారం నుంచి డీసీల మీద 5 శాతం, అవి వేరే బిల్లు. కలిపి ఒకే బిల్లు వేసినవాళ్లు ఏ డీసీకి ఏ రేటు అని కస్టమర్‌తో చాలాకాలం వాదించుకున్నారు.

మీ సరుకులో ఇంకో చిన్న మెలిక ఉంది. ఫినాయిల్‌కి 18 శాతం, పుల్లల చీపుర్లకు పన్ను లేదు. కొనేది జీఎస్టీ ఉన్న కంపెనీ కాబట్టి పన్ను లేని సరుకుకు నెలాఖరున విడిగా బిల్ ఆఫ్ సప్లై వేయాలి. డీసీ ఒకటే అయినా పట్టీలు రెండు చేసుకోండి. అలాగే ఆ కంపెనీకి హోసూరులో బ్రాంచి ఉండి అక్కడికీ వేస్తుంటే, అది తమిళనాడు, వేరే జీఎస్టీ నంబరు. దానికి వేరే బిల్లు, ఐజీఎస్టీ. ఒకే పీవో కదా అని ఒకే బిల్లులో కుదరదు. మీ టర్నోవర్ 5 కోట్లు దాటి ఈ-ఇన్వాయిస్ పరిధిలో ఉంటే పోర్టల్ ఇచ్చే ఐఆర్‌ఎన్ నంబరు నెల బిల్లుకే, డీసీలకు అక్కర్లేదు.

ఇక చివరిది, ఒప్పుకునే ముందు మీరు కూర్చుని లెక్క వేసుకోవాల్సింది. 'బిల్లు తేదీ నుంచి 45 రోజులు' అంటే నిజంగా ఎన్ని రోజులు? నా లెక్కలో సెప్టెంబరు 26న వెళ్లిన మొదటి బాక్సుకి బిల్లు అక్టోబరు 28న పడింది, అప్పటికే 32 రోజులు. అక్కణ్నుంచి 45 అంటే డిసెంబరు 12. మొత్తం 77 రోజులు నా అట్టా నా జిగురూ నా కూలీ వాళ్ల దగ్గర ఉచితంగా ఉన్నట్టు. నాది తయారీ యూనిట్, ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఉంది, కాబట్టి ఎంఎస్ఎంఈ చట్టం కింద 45 రోజుల గడువు సరుకు ఒప్పుకున్న రోజు నుంచి లెక్క. బిల్లు తేదీ నుంచి కాదు. ఆ మొదటి లోడుకి గడువు నవంబరు 10. ఈ సంగతి మా కస్టమర్ల అకౌంట్స్‌కి బాగా తెలుసు, ఎందుకంటే గడువు దాటి చెల్లించని మొత్తం ఆ సంవత్సరం వాళ్లకు ఆదాయపన్నులో ఖర్చుగా రాదు. 1961 నాటి ఆదాయపన్ను చట్టంలో 43బీ(హెచ్) వచ్చాక మార్చిలో వాళ్లే ఫోన్ చేసి 'మీ పాత డీసీలు ఏమైనా ఉన్నాయా' అని అడుగుతున్నారు. మీరు కొని అమ్మే వ్యాపారం చేస్తుంటే మాత్రం ఈ 45 రోజుల రక్షణ మీకు వర్తించదు. ఉద్యమ్ ఉన్నా సరే, వ్యాపారులకు అది బ్యాంకు రుణాల వరకే.

అందుకని మీకైతే నేను చెప్పేది, నెల బిల్లు కాకుండా పదిహేను రోజుల బిల్లు అడగండి. 1 నుంచి 12 దాకా ఒకటి 15న, 13 నుంచి 25 దాకా ఒకటి 28న. 26 నుంచి వెళ్లినవి వచ్చే నెల మొదటి బిల్లులోకి. పీవోలో ఈ తేదీలే రాయించుకోండి. మీకు నెలకు 15 డీసీలే కాబట్టి ఒక్కో బిల్లు వెనక ఏడో ఎనిమిదో ఉంటాయి. తేడా వచ్చినా సగం డబ్బే ఆగుతుంది. నెలకు ఒకటే కావాలని వాళ్లు పట్టుబడితే చెల్లింపు గడువును బిల్లు తేదీ నుంచి 15 రోజులకు దించమనండి. రెండూ కాదంటే మీ రేటులో ఆ అదనపు రోజుల వడ్డీ వేసుకుని కొటేషన్ మళ్లీ ఇవ్వండి. నేను ఒక కస్టమర్‌కి అలా బాక్సుకి 60 పైసలు పెంచి ఇచ్చాను. వాళ్లు రెండు రోజులు ఆలోచించుకుని పదిహేను రోజుల బిల్లుకే వచ్చారు.